దిద్దించిన మెయిల్ పంపేముందు: అసలుతో సరిచూసే పది చిట్కాలు

బ్యాంకుకో, ఇన్సూరెన్స్ ఆఫీసుకో ఇంగ్లీషులో మెయిల్ పెట్టాల్సి వస్తే చాలా ఇళ్లలో పెద్దవాళ్లు తమకు వచ్చిన ఇంగ్లీషులో విషయమంతా రాసి, కొడుక్కో కూతురికో పంపి ‘కాస్త దిద్దిపెట్టమ్మా’ అంటారు. దిద్దిన మెయిల్ తిరిగి వచ్చేసరికి భాష నున్నగా తయారవుతుంది. దాన్ని చూసి సంతోషపడి అలాగే పంపేస్తారు. అయితే దిద్దినవాళ్లకు తెలిసింది భాష. జరిగిందేమిటో తెలిసింది రాసినవాళ్లకే. భాష బాగుపడే క్రమంలో విషయం ఎక్కడైనా పక్కకు జరిగితే పట్టుకోగలిగేది కూడా వాళ్లే. ఆ పని ఎలా చేయాలో ఒక మెయిల్‌ను ముందు పెట్టుకుని చూద్దాం.

హైదరాబాద్‌లో ఉంటున్న ఒక రిటైర్డ్ ఉద్యోగి ఖాతా నుంచి డబ్బు పోయిందనుకుందాం. ఆయన బ్యాంకుకు ఇంగ్లీషులో రాసుకున్న మెయిల్ భావం ఇది:

“మీ బ్రాంచిలో నాకు సేవింగ్స్ ఖాతా ఉంది, చివరి అంకెలు 4471. 07/03/2025 శుక్రవారం రాత్రి 9:40కి రూ.24,500, మళ్లీ 9:44కి రూ.24,000 పోయినట్టు నా ఫోన్‌కు రెండు మెసేజ్‌లు వచ్చాయి. ఈ రెండింటి సంగతి నాకు తెలియదు, నేను చేయలేదు. ఆరోజు సాయంత్రం ఎవరో కేవైసీ అని ఫోన్ చేశారు. నేను ఓటీపీ గానీ ఇంకేదీ గానీ చెప్పలేదు, ఫోన్ పెట్టేశాను. శనివారం పొద్దున 8 గంటలకు మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించాను, ఫిర్యాదు నంబరు 60318825 ఇచ్చారు. సోమవారం బ్రాంచికి వస్తే మెయిల్ పెట్టమన్నారు. నా డబ్బు మొత్తం రూ.48,500 ఖాతాలో వేయాలి. ఎప్పటిలోగా వేస్తారో రాసి తెలపాలి. స్టేట్‌మెంట్, మెసేజ్‌ల ఫొటోలు రెండు జత చేశాను.”

డల్లాస్‌లో ఉన్న కూతురు దిద్ది పంపిన మెయిల్ భావం ఇది:

“నేను మీ బ్రాంచి ఖాతాదారుణ్ని, ఖాతా చివరి అంకెలు 4471. 03/07/2025 రాత్రి నా ఖాతా నుంచి రూ.48,500 డెబిట్ అయినట్టు సందేశం అందింది. ఈ లావాదేవీ చేసినట్టు నాకు గుర్తు లేదు. ఆ సాయంత్రం కేవైసీ పేరుతో వచ్చిన ఫోన్‌కాల్ వల్ల నేను మోసపోయాను. ఓటీపీ ఏదీ చెప్పలేదు. విషయం తెలిసిన వెంటనే మీ కస్టమర్ కేర్‌ను సంప్రదించి కార్డు బ్లాక్ చేయించాను. బ్రాంచి సిబ్బంది సూచన మేరకు ఈ మెయిల్ రాస్తున్నాను. ఆ మొత్తాన్ని తిరిగి జమ చేసే అవకాశాన్ని పరిశీలించగలరని మనవి.”

చదవడానికి రెండోది హాయిగా ఉంది. వ్యాకరణం తప్పులు లేవు, మర్యాద ఉంది. అయినా ఇది ఆయన చెప్పిన విషయం కాదు. ఎక్కడెక్కడ తేడా వచ్చిందో, దాన్ని ఎలా కనిపెట్టాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. దిద్దడానికి ఇచ్చేముందు అసలు మెయిల్‌ను విడిగా దాచుకోండి

అసలు లేనిదే సరిచూడటం కుదరదు. ఫోన్‌లో డ్రాఫ్ట్‌గా ఉన్న మెయిల్ మీదే దిద్దుబాటు చేస్తే పాత మాటలు చెరిగిపోయి కొత్తవే మిగులుతాయి. ఏది మారిందో తర్వాత ఎంత గుర్తుచేసుకున్నా తేలదు. అందుకని మొదట రాసింది మీకు మీరే ఒక మెయిల్‌గా పంపుకోండి, లేదా వేరే ఫైల్‌లో అతికించి ‘అసలు’ అని పేరు పెట్టండి. దిద్దేది దాని నకలు మీదే.

దిద్దేవాళ్లు వర్డ్ వాడుతుంటే `Track Changes` ఆన్ చేసి దిద్దమనండి. గూగుల్ డాక్స్ అయితే `Suggesting` పెట్టమనండి. తీసేసిన మాట మీద గీత, చేర్చిన మాట వేరే రంగులో కనిపిస్తాయి. అలా చేయకుండానే దిద్ది పంపేసినా ఫరవాలేదు. రెండు ఫైళ్లూ ఉంటే వర్డ్‌లో `Review` కింద `Compare`, గూగుల్ డాక్స్‌లో `Tools` కింద `Compare documents` తేడాలన్నీ చూపిస్తాయి. అయితే కంప్యూటరు చూపేది మాట మారిందని మాత్రమే. ఆ మాటతోపాటు అర్థం కూడా మారిందా లేదా అన్నది మనిషి చదివి తేల్చుకోవాల్సిందే. వాక్యాలన్నీ తిరగరాసిన మెయిల్‌లో పేజీ అంతా రంగులమయం అవుతుంది కాబట్టి అక్కడ ఈ సాయం పెద్దగా పనికిరాదు. కింది పద్ధతి పనికొస్తుంది.

2. దిద్దినది తెరవకముందే అసలులోని విషయాలు చీటీ మీద రాసుకోండి

నున్నటి భాష ముందు చదివితే మనసు దాన్నే అసలనుకుంటుంది. చెప్పదలచుకున్నది అందులో లేకపోయినా ఉన్నట్టే అనిపిస్తుంది, ఎందుకంటే ఆ విషయం మన తలలో ఎలాగూ ఉంది. కాబట్టి ముందు మీరు రాసిందాన్ని చదివి, అందులోని విషయాలను ఒక్కో వరుసలో ఒక్కటి చొప్పున కాగితం మీద పెట్టండి. వాక్యాలు వద్దు, విషయాలు చాలు.

మన మెయిల్‌కు చీటీ ఇలా ఉంటుంది: ఖాతా 4471. మార్చి 7, శుక్రవారం. రాత్రి 9:40, రూ.24,500. రాత్రి 9:44, రూ.24,000. మెసేజ్‌లు రెండు. నేను చేయలేదు. సాయంత్రం కేవైసీ ఫోన్. ఏమీ చెప్పలేదు, పెట్టేశాను. శనివారం పొద్దున 8, కస్టమర్ కేర్, కార్డు బ్లాక్. ఫిర్యాదు నంబరు. సోమవారం బ్రాంచి. మొత్తం రూ.48,500 వేయాలి. గడువు రాసి చెప్పాలి. జతలు: స్టేట్‌మెంట్, ఫొటోలు రెండు.

పద్నాలుగు వరుసలు. ఐదు నిమిషాల పని, కానీ సరిచూడటమంతా దీని మీదే నడుస్తుంది.

3. రెండుసార్లు చదవండి: ఒకసారి పోయినవాటి కోసం, ఒకసారి కొత్తగా వచ్చినవాటి కోసం

రెండు మెయిళ్లనూ పక్కపక్కన పెట్టుకుని కళ్లు అటూ ఇటూ తిప్పితే పెద్ద తేడాలు దొరుకుతాయి గానీ చిన్నవి జారిపోతాయి. పనిని రెండుగా విడదీయండి.

మొదటిసారి చీటీ చేతిలో పెట్టుకుని దిద్దినదాంట్లో వెతకండి. ఒక్కో వరుస దొరికితే టిక్కు, దొరక్కపోతే సున్నా, మారి కనిపిస్తే గీత. మన మెయిల్‌లో సున్నాలు చాలానే వస్తాయి: శుక్రవారం, మెసేజ్‌ల వేళలు, విడివిడి మొత్తాలు, ఫోన్ పెట్టేసిన సంగతి, శనివారం పొద్దున 8 గంటలు, ఫిర్యాదు నంబరు, సోమవారం, గడువు అడగడం, జతల ప్రస్తావన.

రెండోసారి చీటీ పక్కన పెట్టి దిద్దిన మెయిల్‌లోని ప్రతి వాక్యాన్నీ ఆపి అడగండి: ‘ఇది నేను చెప్పిందేనా?’ ఇప్పుడు దొరికేవి చేర్పులు. ‘మోసపోయాను’ అన్నది ఆయన ఎక్కడా అనలేదు. ‘ఫోన్‌కాల్ వల్ల’ అని కూడా అనలేదు. పోయినదానికంటే చేరినదాన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే దాన్ని వెతకాలన్న ఆలోచనే రాదు. అందుకే దానికోసం ప్రత్యేకంగా ఇంకోసారి చదవాలి.

4. తేదీలో నెలను అక్షరాల్లో రాయండి, మొత్తాలను విడివిడిగా ఉంచండి

మనకు 07/03/2025 అంటే మార్చి 7. అమెరికాలో నెల ముందు రాస్తారు కాబట్టి కూతురు అలవాటు ప్రకారం 03/07/2025 అని మార్చింది. ఆమె దృష్టిలో అది మార్చి ఏడే. కానీ హైదరాబాద్ బ్యాంకులో చదివేవారికి అది జూలై 3. మార్చిలో పంపే మెయిల్‌లో ఇంకా రాని జూలై తేదీ కనిపిస్తే ఫిర్యాదు మొదటి వాక్యంలోనే తడబడుతుంది. పన్నెండు దాటిన తేదీ అయితే తేడా వెంటనే కనిపించేది. పన్నెండులోపు తేదీలతోనే చిక్కు. ‘7 మార్చి 2025, శుక్రవారం’ అని రాస్తే ఏ దేశంలో ఎవరు చదివినా ఒకటే. వారం పేరు ఉంటే అదే కాపలా, తేదీ తప్పితే చాలాసార్లు వారంతో పొసగదు.

ఇక మొత్తాల సంగతి. 24,500, 24,000 కలిపితే 48,500 నిజమే. కానీ ఖాతాలో రూ.48,500 లావాదేవీ అంటూ ఏదీ లేదు. బ్యాంకులో వెతికేవారికి ఆ అంకె స్టేట్‌మెంటులో కనిపించదు. రెండు లావాదేవీలు ఒకటిగా మారడం వల్ల రెండింటికీ విడిగా జరగాల్సిన విచారణ కూడా తికమకవుతుంది. రెండింటినీ వాటి వేళలతో ఉంచి, మొత్తం అడిగేచోట మాత్రమే కలిపి రాయాలి.

అంకెలను కళ్లతో సరిచూడటం కంటే ఇద్దరు కలిసి చెవులతో సరిచూడటం మేలు. ఒకరు అసలులోంచి పైకి చదవాలి, రెండోవారు దిద్దినదాంట్లో వేలుపెట్టి చూడాలి. దూరంలో ఉంటే ఫోన్‌లో చాలు:

“నాన్నా, ఇరవైనాలుగు వేల ఐదొందలు ఒకటి, ఇరవైనాలుగు వేలు ఒకటి. రెండూ విడిగా ఉన్నాయా?”

“లేవమ్మా, నలభై ఎనిమిదిన్నర వేలు అని ఒకే ముక్క ఉంది.”

ఫిర్యాదు నంబరు, ఖాతా నంబరు వంటివాటిని ఒక్కో అంకె విడదీసి చదవండి. ఆరు, సున్నా, మూడు, ఒకటి అంటూ. ‘ఆరు కోట్ల మూడు లక్షల...’ అని చదివితే పొరపాటు దొర్లినా వినిపించదు.

5. ఎవరు చేశారో, ఎవరు చేయలేదో వాక్యం వాక్యంలో చూసుకోండి

దిద్దేవాళ్లు వాక్యాన్ని చక్కబరిచేటప్పుడు కర్త మారిపోవడం తరచుగా జరుగుతుంది. ‘డబ్బు పోయింది’ అన్న ముక్కను మంచి ఇంగ్లీషులో పెట్టబోయి ‘నేను డబ్బు పంపాను’ అన్న అర్థం వచ్చేలా రాసినవాళ్లూ ఉంటారు. ఆ ఒక్క వాక్యంతో జరిగినదంతా తలకిందులవుతుంది. మన మెయిల్‌లో ‘డెబిట్ అయినట్టు’ అని ఉంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు.

ప్రతి క్రియ దగ్గరా ఆగి ‘ఈ పని చేసిందెవరు?’ అని అడగండి. ఫోన్ చేసింది వాళ్లు, పెట్టేసింది నేను. కార్డు బ్లాక్ చేయించింది నేను, ఫిర్యాదు నంబరు ఇచ్చింది బ్యాంకు. దిద్దినదాంట్లో బ్యాంకు నంబరు ఇచ్చిందన్న వాక్యమే లేదు. అంటే బ్యాంకుకు విషయం అప్పుడే తెలిసిందనడానికి ఉన్న రుజువు మెయిల్ నుంచి తప్పుకుంది.

6. ‘చేయలేదు’ అన్నది ‘గుర్తు లేదు’ కాకుండా చూడండి

ఈ మెయిల్‌లో వచ్చిన అన్ని మార్పుల్లోకీ ఇదే ప్రమాదకరం. ఆయన రాసింది ‘నాకు తెలియదు, నేను చేయలేదు’ అని. వినడానికి మొరటుగా ఉందని కూతురు దాన్ని ‘చేసినట్టు గుర్తు లేదు’ అని మార్చింది. మొదటిది ఖాయంగా కాదనడం. రెండోది చేసి ఉండొచ్చేమో, మరిచిపోయానేమో అని చోటివ్వడం. చదివే అధికారికి ఆ చోటే చాలు.

ఇలాంటివి నాలుగు రకాలుగా వస్తాయి. ఖాయమైనది అనుమానం కావడం: ‘చేయలేదు’ పోయి ‘గుర్తు లేదు’ రావడం. అనుమానం ఖాయం కావడం: ‘వాళ్లే అనుకుంటున్నాను’ పోయి ‘వాళ్లే’ రావడం. కొద్ది అన్నది ఎక్కువ కావడం: ‘రెండుసార్లు’ పోయి ‘పలుమార్లు’ రావడం. కాదన్నది జారిపోవడం: పొడవైన వాక్యాన్ని రెండుగా విరిచినప్పుడు ‘నాట్’ అన్న చిన్న మాట ఒకదాంట్లోంచి పడిపోవడం. అసలులోని ప్రతి ‘లేదు’, ‘కాదు’, ‘అనుకుంటున్నాను’ కింద గీత గీసుకుని, దిద్దినదాంట్లో వాటి జంటను వెతకండి. జంట దొరకని గీత దగ్గర ఆగాలి.

7. రెండు వాక్యాలను కలిపినచోట కొత్త కారణం పుట్టిందేమో చూడండి

ఆయన సాయంత్రం ఫోన్ వచ్చిందని ఒక వాక్యంలో, రాత్రి డబ్బు పోయిందని ఇంకో వాక్యంలో చెప్పారు. రెండూ జరిగాయి. ఒకదానివల్ల ఒకటి జరిగిందని ఆయనకు తెలియదు, ఆయన అనలేదు. దిద్దినదాంట్లో ఆ రెండూ కలిసి ‘ఫోన్‌కాల్ వల్ల మోసపోయాను’ అయ్యాయి. తర్వాతి వాక్యంలో ‘ఓటీపీ చెప్పలేదు’ అని ఉన్నా ముందువాక్యం దాన్ని వెనక్కి లాగుతోంది.

దీని బరువు ఎంతో తెలియాలంటే రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన, 2025 మార్చిలో అమల్లో ఉన్న ఆదేశాలు చూడాలి. ఖాతాదారు అనుమతి లేకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో నష్టం ఎవరు భరించాలో అందులో ఉంది. ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల, అంటే ఓటీపీ వంటివి ఎవరికో చెప్పడం వల్ల డబ్బు పోతే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం ఖాతాదారుదే. బ్యాంకు తప్పు, ఖాతాదారు తప్పు రెండూ లేకుండా ఇంకెక్కడో లోపం వల్ల పోతే లెక్క వేరు. కాబట్టి ‘ఫోన్ వచ్చింది, ఏమీ చెప్పకుండా పెట్టేశాను’ అన్నదానికీ, ‘ఫోన్ వల్ల మోసపోయాను’ అన్నదానికీ ఉన్న దూరం రూ.48,500.

‘వల్ల’, ‘దాంతో’, ‘అందుకే’, ‘తర్వాత’, ‘అయినా’ అనే అర్థమిచ్చే మాటలు దిద్దినదాంట్లో ఎక్కడ కనిపించినా అసలు చూడండి. అక్కడ లేని బంధం ఇక్కడ పుట్టి ఉంటే ఆ వాక్యాన్ని మళ్లీ రెండుగా విరవండి. శైలి కాస్త తెగినట్టున్నా ఫరవాలేదు.

8. ‘వెంటనే’, ‘ఇటీవల’, ‘పలుమార్లు’ కనిపిస్తే అక్కడ ఏ అంకె పోయిందో వెతకండి

దిద్దేవాళ్లకు తేదీలూ వేళలూ బరువుగా అనిపిస్తాయి. ‘శనివారం పొద్దున 8 గంటలకు’ తీసేసి ‘వెంటనే’ అంటే వాక్యం తేలికవుతుంది. కానీ ఆ బరువే ఇక్కడ అసలు సరుకు.

పైన చెప్పిన ఆదేశాల ప్రకారం ఇద్దరి తప్పూ లేని సందర్భంలో, బ్యాంకు నుంచి సమాచారం అందాక 3 పనిదినాల్లోగా తెలియజేస్తే ఖాతాదారు మీద భారం ఉండదు. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాదారు మీద ఒక్కో లావాదేవీకి గరిష్ఠంగా రూ.10,000 పడుతుంది. సమాచారం అందిన రోజును లెక్కలోకి తీసుకోరు. మన లెక్కలో మెసేజ్ వచ్చింది శుక్రవారం. మర్నాడు మార్చి 8 రెండో శనివారం, బ్యాంకులకు సెలవు. తొమ్మిది ఆదివారం. మొదటి పనిదినం 10, సోమవారం. మూడోది 12, బుధవారం. ఆయన శనివారం పొద్దున్నే చెప్పారు, అంటే లెక్క మొదలవకముందే. ఇది బ్యాంకుకు అర్థం కావాలంటే శుక్రవారం, శనివారం, 8 గంటలు, ఫిర్యాదు నంబరు నాలుగూ మెయిల్‌లో ఉండాలి. ‘వెంటనే’ అంటే ఎప్పుడో చదివేవాళ్లు ఊహించుకోవాల్సి వస్తుంది.

‘నిన్న’, ‘మొన్న’, ‘ఈవారం’ అన్నవి అసలులోనే ఉంటే వాటినీ ఇప్పుడే తేదీలుగా మార్చేయండి. మెయిల్ దిద్ది వచ్చేలోగా రోజు మారిపోతే ‘నిన్న’ తప్పవుతుంది.

9. అడిగింది అడిగినట్టే ఉందా చూడండి, మంచి మార్పులను మాత్రం ఉండనివ్వండి

ఆయన రెండు అడిగారు: డబ్బు వేయాలి, ఎప్పటిలోగా వేస్తారో రాసి చెప్పాలి. దిద్దినదాంట్లో మొదటిది ‘అవకాశాన్ని పరిశీలించగలరని మనవి’ అయింది, రెండోది మాయమైంది. మర్యాదగా అడగడానికీ, అడగకుండా ఉండటానికీ తేడా ఉంది. పరిశీలించమంటే బ్యాంకు ‘పరిశీలించాం’ అని జవాబిచ్చి ఊరుకోవచ్చు, అడిగింది చేసినట్టే లెక్క. ‘దయచేసి రూ.48,500 నా ఖాతాలో తిరిగి జమ చేయండి, ఏ తేదీలోగా జమ చేస్తారో ఈ మెయిల్‌కు జవాబుగా తెలియజేయండి’ అంటే మర్యాదా ఉంది, అడిగిందీ ఉంది. సరిచూసేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇది చదివినవాళ్లు ఏం చేస్తే నా పని అయినట్టు? ఆ పని మెయిల్‌లో కనిపించాలి.

తేడా కనిపించిన ప్రతిచోటా అసలుకే వెళ్లిపోతే దిద్దించి లాభం లేదు. ‘మీ బ్రాంచిలో నాకు ఖాతా ఉంది’ అన్నది ‘నేను మీ బ్రాంచి ఖాతాదారుణ్ని’ అయితే విషయం చెక్కుచెదరలేదు. ‘మెయిల్ పెట్టమన్నారు’ అన్నది ‘సిబ్బంది సూచన మేరకు’ అయితే ఇంకా బాగుంది. అక్కడ చేర్చాల్సింది సోమవారం, మార్చి 10 అన్న తేదీ మాత్రమే. స్పెల్లింగు, వాక్యాల వరుస, పలకరింపు, ముగింపు వంటివి దిద్దినవాళ్లకే వదిలేయండి. అనుమానమొస్తే పరీక్ష ఇది: రెండు వాక్యాలూ చదివి, ఒకటి నిజమై రెండోది అబద్ధమయ్యే పరిస్థితి ఏదైనా ఊహించగలరా? ఊహించగలిగితే అర్థం మారినట్టే. ఖాతాదారు వాక్యంలో ఊహించలేం. ‘గుర్తు లేదు’ వాక్యంలో సులువుగా ఊహించగలం.

10. సవరించాక మళ్లీ ఒకసారి చీటీతో చదివి, తర్వాతే పంపండి

విషయం తప్పినచోట దిద్దినవాళ్ల వాక్యాన్ని తీసుకుని అందులో మీ విషయాన్ని తిరిగి పెట్టండి. మీకు ఇంగ్లీషులో కుదరకపోతే తెలుగులో చెప్పి వాళ్లనే పెట్టమనండి. ‘తప్పు దిద్దావు’ అనకుండా ‘ఈ నాలుగు విషయాలు ఇలాగే ఉండాలమ్మా’ అని చీటీ ఫొటో తీసి పంపితే పని సాఫీగా జరుగుతుంది. ఇంకోసారి దిద్దించేటప్పుడు ఈ చీటీని మొదటే పంపితే సగం తేడాలు రానే రావు.

మన మెయిల్ చివరికి ఇలా తేలుతుంది:

“నేను మీ బ్రాంచి ఖాతాదారుణ్ని, సేవింగ్స్ ఖాతా చివరి అంకెలు 4471. 7 మార్చి 2025, శుక్రవారం రాత్రి 9:40కి రూ.24,500, 9:44కి రూ.24,000 నా ఖాతా నుంచి డెబిట్ అయినట్టు రెండు సందేశాలు అందాయి. ఈ రెండు లావాదేవీలూ నేను చేయలేదు. వాటి గురించి నాకేమీ తెలియదు. ఆరోజు సాయంత్రం కేవైసీ పేరుతో ఒకరు ఫోన్ చేశారు. నేను ఓటీపీ గానీ మరే వివరం గానీ చెప్పకుండా ఫోన్ పెట్టేశాను. 8 మార్చి, శనివారం ఉదయం 8 గంటలకు మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించాను. ఫిర్యాదు నంబరు 60318825 ఇచ్చారు. 10 మార్చి, సోమవారం బ్రాంచి సిబ్బంది సూచన మేరకు ఈ మెయిల్ రాస్తున్నాను. దయచేసి మొత్తం రూ.48,500 నా ఖాతాలో తిరిగి జమ చేయండి. ఏ తేదీలోగా జమ చేస్తారో ఈ మెయిల్‌కు జవాబుగా తెలియజేయండి. జతలు: ఖాతా స్టేట్‌మెంట్, సందేశాల ఫొటోలు రెండు.”

చీటీలోని పద్నాలుగు వరుసలూ ఇందులో ఉన్నాయి, ఆయన అననిది ఒక్కటీ లేదు. సవరణల్లో కొత్త పొరపాట్లు దొర్లడం మామూలే కాబట్టి ఈ మెయిల్‌ను కూడా చీటీతో మరోసారి చదవాలి. వీలైతే జరిగినదేమీ తెలియని ఇంకొకరి చేత చదివించి నాలుగు ప్రశ్నలు అడగండి: డబ్బు ఎన్నిసార్లు పోయింది? ఓటీపీ చెప్పారా? బ్యాంకుకు మొదట ఎప్పుడు తెలిసింది? ఇప్పుడు బ్యాంకు ఏం చేయాలి? జవాబులు సరిగ్గా వస్తే బ్యాంకు అధికారికీ అలాగే అర్థమవుతుంది. ఏదైనా తప్పితే ఆ వాక్యం దగ్గరికే మళ్లీ వెళ్లాలి.

పంపే ముందు సబ్జెక్ట్ లైన్‌లోని తేదీని, జత చేసిన ఫైళ్లను చూసుకోండి. దిద్దిన నకలును కొత్త మెయిల్‌లోకి అతికించినప్పుడు పాత డ్రాఫ్ట్‌కు జత చేసిన ఫొటోలు దాంతోపాటు రావు. పంపాక అసలు మెయిల్, చీటీ, పంపిన మెయిల్ మూడింటినీ ఒకేచోట ఉంచండి. రేపు బ్యాంకు నుంచి ఫోన్ వచ్చి ‘ఏం జరిగిందో మళ్లీ చెప్పండి’ అంటే, చీటీ ముందు పెట్టుకుని రాసిన మాటే చెప్పొచ్చు.